ఇన్విజిబుల్ గ్రిల్ తీగల బిగువును పిట్టగోడ మోయగలదా?

ప్రశ్న: మాది తిరుపతి తిరుచానూరు రోడ్డులో అపార్ట్‌మెంటు, నాలుగో అంతస్తు. బాల్కనీ 10 అడుగుల వెడల్పు. రెండు పక్కలా కాంక్రీటు స్తంభాలు, ముందు వైపు 3 అడుగుల ఎత్తున నాలుగున్నర అంగుళాల ఇటుక పిట్టగోడ, దాని మీద గ్రానైట్ పలక ఉన్నాయి. పలక పైనుంచి బీము అడుగుదాకా ఐదున్నర అడుగులు ఖాళీ. మా మనవరాలికి మూడేళ్లు, కుదురుగా ఉండదు. ఇన్విజిబుల్ గ్రిల్ వేయిద్దామని ఒకరిని పిలిస్తే, గ్రానైట్ మీదే ట్రాక్ బిగిస్తానని, తీగల మధ్య 3 అంగుళాల ఎడం చాలని, ఒక్కో తీగ 400 కిలోలు ఆపుతుందని అంటున్నారు. పని అప్పగించవచ్చా? ఏమేం చూసుకోవాలి?
— ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అమ్మా, ఆయన చెప్పిన పద్ధతిలో మాత్రం అప్పగించకండి. ఇన్విజిబుల్ గ్రిల్ మీ బాల్కనీకి పనికిరాదని నేననడం లేదు; తీగల కొసలను పట్టి ఉంచే ట్రాక్‌ను ఎక్కడ బిగించాలన్నదీ, తీగల మధ్య ఎంత ఎడం ఉంచాలన్నదీ మార్చుకుంటే అది మీకు చక్కగా సరిపోతుంది. ఆ రెండు మార్పులూ ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే కారణం తెలిసి ఉంటేనే రేపు పనివాళ్లు వచ్చినప్పుడు "ఏం కాదు మేడం, అందరికీ ఇట్లనే వేస్తాం" అన్న మాటకు మీరు జవాబు చెప్పగలుగుతారు.

ముందుగా ఆ 400 కిలోల సంగతి చూద్దాం. ఈ గ్రిల్లుకు వాడేది ఒంటి తీగ కాదు, సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు తీగలను ఏడేసి చొప్పున పేని, అలాంటి ఏడు పేటలను మళ్లీ కలిపి పేనిన తాడు. దానిమీద నైలాన్ పూత ఉంటుంది. పూతతో కలిపి 3 మిల్లీమీటర్లు కనిపించినా లోపలి స్టీలు సాధారణంగా 2 నుంచి 2.5 మిల్లీమీటర్లే ఉంటుంది. 2 మిల్లీమీటర్ల తాడు తెగాలంటే 200 కిలోలకు పైచిలుకు బరువు కావాలి, 2.5 అయితే ఇంకా ఎక్కువ. కాబట్టి తెగే బలం విషయంలో ఆయన మాటను కొంత తగ్గించుకుని విన్నా, మీ మనవరాలు ఆనుకుంటే తీగ తెగిపోతుందన్న భయం అక్కర్లేదు. అయితే నేను చూసిన గ్రిల్లులలో చెడిపోయినవాటిలో తీగ మధ్యలో తెగినది ఒక్కటీ లేదు. తీగ కొసన ఉన్న లాక్ జారడం, ట్రాక్ లేచిపోవడం, బిగువు సడలి రెండు తీగలు చేతికి విడిపోవడం, ఈ మూడే నాకు కనిపించాయి. తీగ ఎన్ని కిలోలు ఆపుతుందన్న ప్రశ్నకు ఈ మూడింటితోనూ సంబంధం లేదు.

ఇక ఎడం సంగతి. అమెరికా ఇళ్ల నిర్మాణ నియమావళి రెయిలింగులకు ఒక తేలికైన పరీక్ష పెట్టింది: 4 అంగుళాల అడ్డుకొలత ఉన్న బంతి ఆ సందులోంచి దూరిపోకూడదు. చిన్నపిల్లల ఒళ్లు ఆ సందులో పట్టకూడదన్నది దాని ఉద్దేశం. మనకూ అది మంచి కొలబద్దే. అయితే ఇనుప కడ్డీల గ్రిల్లుకు టేపు పెట్టి కొలిస్తే ఆ కొలతే చివరిదాకా నిలుస్తుంది, తీగల గ్రిల్లుకు నిలవదు. తీగ మధ్యలో వేలు పెట్టి నెడితే పక్కకు జరుగుతుంది. 3 అంగుళాల సందు 4 అంగుళాలు కావాలంటే రెండు వైపులా తీగలు చెరి 12, 13 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం, జరిగితే చాలు. మీ బాల్కనీలో తీగ పొడవు ఐదున్నర అడుగులు. ఒక్కో తీగను 25 కిలోల బిగువుకు లాగి కట్టినా, దాని నడిమధ్యను అర అంగుళం పక్కకు జరపడానికి ముప్పావు కిలో బలం సరిపోతుంది. మూడేళ్ల పిల్ల రెండు చేతులతో ఆ పని సునాయాసంగా చేస్తుంది. బిగువు సడలి 10 కిలోలకు దిగితే పావు కిలో పైచిలుకు చాలు. అందుకే మీ ఇంటికి 3 అంగుళాల ఎడం నేను ఒప్పుకోను.

2 అంగుళాల ఎడం పెడితే, 4 అంగుళాలు కావడానికి రెండు తీగలూ చెరొక అంగుళం జరగాలి. అదే 25 కిలోల బిగువులో ఒక్కో తీగకూ సుమారు ఒకటిన్నర నుంచి 2 కిలోల బలం పడుతుంది. ఇది మెరుగే గానీ నా మనసుకు ఇంకా చాలదు, ఎందుకంటే సందులోకి తలో మోచెయ్యో దూర్చి ముందుకు నెట్టినప్పుడు అది చీలికలా పనిచేసి తీగలను చేతులకంటే బలంగా విడదీస్తుంది. అందుకని తీగల సగం ఎత్తులో అడ్డంగా ఒక సన్నని పట్టీ వేయించండి. ఆ పట్టీకి 2 అంగుళాలకొక రంధ్రం, ప్రతి రంధ్రానికీ నైలాన్ బుష్ ఉండి, ప్రతి తీగా అందులోంచి పోవాలి. దానితో నెట్టడానికి దొరికే పొడవు సగమవుతుంది, తీగలను విడదీయడానికి కావలసిన బలం రెట్టింపుకు మించుతుంది. ఒక్కో తీగకు 4 కిలోల దాకా పడుతుంది. మీ బాల్కనీలో ఈ పట్టీ నేలనుంచి 5 అడుగుల 9 అంగుళాల ఎత్తున వస్తుంది గనుక పిల్ల కాలు పెట్టి ఎక్కడానికి అందదు. తీగలను అడ్డంగా కాక నిలువుగానే వేయించమని చెప్పేదీ అందుకే; అడ్డ తీగలు పిల్లలకు నిచ్చెన మెట్లవుతాయి.

ఇప్పటిదాకా చెప్పినదంతా తీగకు 25 కిలోల బిగువు ఉంటుందన్న లెక్క మీద నడిచింది. ఆ బిగువు ఎక్కడికి పోతుందన్నది అసలు ప్రశ్న. తీగను 25 కిలోలకు లాగి కట్టామంటే, అది పై ట్రాక్‌ను 25 కిలోలతో కిందికీ, కింది ట్రాక్‌ను 25 కిలోలతో పైకీ రాత్రింబవళ్లు లాగుతూనే ఉంటుంది. మీ 10 అడుగులకు 2 అంగుళాల చొప్పున 59 తీగలు పడతాయి. 59 తీగలు, ఒక్కోటి 25 కిలోలు, మొత్తం 1,475 కిలోలు, అంటే దాదాపు ఒకటిన్నర టన్ను. పైన కాంక్రీటు బీము ఉంది గనుక అక్కడ దిగులు లేదు. కింద ఏముంది? నాలుగున్నర అంగుళాల మందం, 3 అడుగుల ఎత్తు, 10 అడుగుల పొడవున్న మీ ఇటుక గోడను రెండు వైపుల ప్లాస్టరింగుతో, పైన గ్రానైట్‌తో కలిపి తూచగలిగితే ముప్పావు టన్నుకు అటూఇటూ తూగుతుంది. అంటే ఆ తీగలన్నీ కలిసి గోడను దాని సొంత బరువుకు దాదాపు రెండింతల బలంతో పైకి లాగుతాయన్నమాట. ఇటుకల మధ్య సిమెంటు నొక్కుడును తట్టుకున్నట్టు లాగుడును తట్టుకోదు. ఇక గ్రానైట్ పలక సంగతి చెప్పనక్కర్లేదు, అది గోడ మీద సిమెంటు పాలతో అతికించిన పలక, అంతే. దానికి ట్రాక్ బిగించి తీగలు లాగితే ఆ అతుకును మనమే ఊడబెరికినట్టవుతుంది.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. చిత్తూరులో మా దగ్గరి బంధువుల ఇంట్లో సరిగ్గా ఇలాగే గ్రానైట్ మీద ట్రాక్ వేశారు. వేసిన మర్నాడు తీగలు వీణ తంత్రుల్లా ఉన్నాయి. రెండు నెలల తరువాత నేను వెళ్లి చూసేసరికి నడుమ ఉన్న తీగలు వదులయ్యాయి, కొసల్లోనివి బిగువుగానే ఉన్నాయి. వంగి పలక అంచును పక్కనుంచి చూస్తే, పలకకూ గోడకూ మధ్య వెంట్రుక మందం నల్లని గీత కనిపించింది. విజిటింగ్ కార్డు తీసి ఆ గీతలో పెడితే, పలక మధ్యభాగంలో రెండు అంగుళాల లోపలికి పోయింది, కొసల్లో పోలేదు. పలక విల్లులా పైకి వంగి లేచిందన్నమాట. వేసినతను పిలవగానే వచ్చాడు గానీ, కారణం చూడకుండా వదులైన తీగలను మళ్లీ బిగించి పోయాడు. ఆ బిగింపుతో గీత ఇంకా వెడల్పయింది, వర్షాకాలంలో ఆ సందులోంచి నీరు దిగి లోపలి వైపు ప్లాస్టరింగు ఉబ్బింది. చివరికి గ్రిల్లంతా విప్పాల్సి వచ్చింది. నడుమ తీగలు మాత్రమే వదులు కావడం అన్నది ఎప్పుడూ ట్రాక్ లేస్తోందనడానికి గుర్తు. తీగ సాగితే అన్నీ ఒకే తీరుగా వదులవుతాయి, లాక్ జారితే ఆ ఒక్క తీగే వదులవుతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే ఏ జబ్బుకు ఏ మందో మీకే తెలుస్తుంది.

దీనికి కొందరు రెండు తేలిక మార్గాలు చూపిస్తారు. ఎడం పెంచి తీగల సంఖ్య తగ్గించడం ఒకటి, బిగువు తగ్గించి కట్టడం మరొకటి. రెండింటిలోనూ గోడ మీద బరువు తగ్గే మాట నిజమే. కానీ పిల్లను ఆపాల్సిన సందు ఆ మేరకు పెద్దదవుతుంది. మూడో మార్గంగా కింది ట్రాక్‌ను పిట్టగోడ లోపలివైపున బాల్కనీ నేల స్లాబుకు బిగించవచ్చు. స్లాబు కాంక్రీటు గనుక బలానికి లోటు లేదు, అయితే తీగ పొడవు ఎనిమిదిన్నర అడుగులకు పెరిగి మరింత మెత్తబడుతుంది, అడ్డపట్టీలు రెండు కావాలి, పైగా టైల్స్ కింద ఉన్న వాటర్‌ప్రూఫింగ్‌కు డజనుకు పైగా రంధ్రాలు పడి కింది ఫ్లాటువారి సీలింగులోకి నీరు దిగే ప్రమాదం ఉంది. అపార్ట్‌మెంటులో ఆ తగువు ఎంతదూరం పోతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మీ బాల్కనీకి నేను సూచించేది, బిగువును తనలోనే ఇముడ్చుకునే చట్రం. 50 మిల్లీమీటర్ల చదరపు స్టెయిన్‌లెస్ స్టీలు పైపు, 3 మిల్లీమీటర్ల మందంది, పైన ఒకటి, కింద ఒకటి అడ్డంగా వేసి, వాటి మధ్య నిలువుగా నాలుగు పైపులు వెల్డింగ్ చేయించండి. స్తంభాల పక్కన చెరొకటి, నడుమ 3 అడుగుల 4 అంగుళాలకు ఒకటి చొప్పున రెండు. తీగలు పై పైపునూ కింది పైపునూ ఒకదానివైపు ఒకటి లాగుతాయి, నిలువు పైపులు అవి దగ్గరకు రాకుండా అడ్డుకుంటాయి. ఒకటిన్నర టన్ను లాగుడు ఆ చట్రంలోనే మొదలై అక్కడే ముగుస్తుంది, పిట్టగోడకు పైకి లాగే బలం అందదు. నడుమ నిలువు పైపుల మధ్య దూరం 3 అడుగుల 4 అంగుళాలే అన్నాను గదా, దాన్ని పెంచనివ్వకండి. ఐదడుగులకొకటి చొప్పున వేస్తే అడ్డపైపు మీద వంపు రెండింతలు దాటి, స్టీలు తట్టుకోగల హద్దుకు చేరువవుతుంది. రెండు నిలువు గీతలు కంటికి కనిపిస్తాయన్నది నిజమే, పేరుకు తగ్గట్టు పూర్తిగా ఇన్విజిబుల్ కాదు. బాల్కనీలో నిలబడి తిరుమల కొండ చూసుకునే సుఖం మీకు ఏమీ తగ్గదు, నా మాట నమ్మండి.

ఈ చట్రాన్ని స్తంభాలకూ బీముకూ బిగించేది తీగల బిగువు కోసం కాదు, ఎవరైనా ఆనుకున్నప్పుడు బయటికి పోకుండా ఉండడానికి. అందుకని రెండు పక్కలా స్తంభాలకు, పైన బీముకు 8 మిల్లీమీటర్ల లోహపు యాంకర్ బోల్టులతో బిగించాలి. స్తంభం అంచుకు రెండున్నర అంగుళాల కంటే దగ్గరగా రంధ్రం వేయకూడదు, వేస్తే మూల పెచ్చు ఊడుతుంది. ప్లాస్టరింగు మందాన్ని లెక్కలోంచి తీసేసి, అసలు కాంక్రీటులోకి కనీసం 2 అంగుళాలు బోల్టు దిగాలి. రంధ్రం వేసేటప్పుడు వచ్చే పొడిని చూస్తే ఇది తెలిసిపోతుంది. ప్లాస్టరింగులో ఉన్నంతసేపు డ్రిల్లు వెన్నలోకి పోయినట్టు పోతుంది, కాంక్రీటు తగలగానే గొంతు మారి నిదానిస్తుంది. ఆ మారిన చోటినుంచి కొలవమనండి. ప్లాస్టిక్ ప్లగ్గులు ఎక్కడా వద్దు, ఎప్పుడూ లాగుడులో ఉండే చోట అవి నెలల మీద మెల్లగా జారతాయి. కింది పైపు గ్రానైట్ మీద కూర్చుంటుంది గానీ దాన్ని పట్టుకుని వేలాడదు. నిలువు పైపుల దగ్గర రెండు బోల్టులు గ్రానైట్‌లోంచి ఇటుకలోకి, రంధ్రంలో గట్టిపడే జిగురు నింపే కెమికల్ యాంకరుతో దించితే పక్కకు జరగకుండా సరిపోతుంది.

చట్రానికి స్టెయిన్‌లెస్ స్టీలే ఎందుకంటే, దానికొక అదనపు లాభం ఉంది. మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం ఎండలో ఉన్న తీగకూ జనవరి తెల్లవారుజామున ఉన్న తీగకూ 30 డిగ్రీల తేడా సులువుగా ఉంటుంది. ఆ వేడికి మీ తీగ దాదాపు 0.8 మిల్లీమీటరు సాగుతుంది. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది, కానీ తీగ పైనా కిందా కాంక్రీటుకు కట్టి ఉండి, ఆ కాంక్రీటు నీడలో చల్లగా ఉంటే, బిగువు నాలుగైదు కిలోలు పడిపోతుంది. చలికాలంలో గట్టిగా ఉన్న గ్రిల్లు వేసవిలో మెత్తబడిందని అనేది ఇందుకే. చట్రం కూడా స్టీలైతే రెండూ కలిసి సాగి కలిసి ముడుచుకుంటాయి, బిగువు పెద్దగా మారదు. చట్రం కాంక్రీటు కంటే ఎక్కువ సాగినప్పుడు బీమును నెట్టకుండా, పై బోల్టుల రంధ్రాలను కొద్దిగా పొడవాటి సందుల్లా కోయించండి.

ఇక కొసల సంగతి, ఇక్కడే పనితనం తెలుస్తుంది. కొందరు ఒకే పొడవాటి తీగను పైకీ కిందికీ తిప్పుతూ మొత్తం బాల్కనీ అల్లుతారు. పని త్వరగా అవుతుంది, కానీ ఒక్కచోట జారితే పక్క తీగలన్నీ వదులవుతాయి. ప్రతి తీగకూ దాని కొసలు దానికే ఉండాలి. పై కొసన తీగ మీద తొడిగి గట్టిగా నొక్కిన చిన్న లోహపు గొట్టం, అంటే స్లీవు, కింది కొసన మరలున్న బిగింపు స్టడ్డు, దానికి నట్టు ఉంటే, ఎప్పుడు వదులైనా ఆ ఒక్క తీగను స్పానరుతో బిగించుకోవచ్చు. తీగను చిన్న స్క్రూ కొనతో గుచ్చి నొక్కే లాకులు వద్దని గట్టిగా చెప్పండి. ఆ స్క్రూ మొన సన్నని పేటలను కోస్తుంది, తెగే బలమంతా అక్కడే పోతుంది.

స్లీవు నొక్కేముందు, స్లీవులోకి పోయేమేరకు నైలాన్ పూత ఒలిచెయ్యాలి. పూత మీదే నొక్కితే అప్పటికి గట్టిగానే ఉన్నట్టుంటుంది, కానీ లోపలి స్టీలు మెత్తని నైలాన్‌లోంచి రోజురోజుకూ జారుతుంది. మీరు దగ్గరుండి ఒక కొసను పరీక్షగా చూడండి: స్లీవు అవతలి వైపు తీగ కొన ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి కనిపించాలి, అప్పుడే అది స్లీవు పొడవంతా పట్టిందని తెలుస్తుంది. ఇవతలి వైపు పూత స్లీవు అంచును తాకుతూ ఆగాలి, మధ్యలో ఒంటి స్టీలు కనిపించకూడదు. అల్యూమినియం స్లీవులు కూడా వద్దు. తడి తగిలినప్పుడు స్టీలును ఆనుకున్న అల్యూమినియమే ముందు తినేయబడుతుంది. స్టెయిన్‌లెస్ స్లీవులు హైడ్రాలిక్ క్రింపరుతో నొక్కినవి కావాలి, చేతి పటకారుకు అవి లొంగవు. పని పూర్తయ్యాక ప్రతి స్లీవు అంచు దగ్గర తీగ మీద నెయిల్ పాలిష్‌తో సన్నని గీత గీయండి. నెల తరువాత ఆ గీత స్లీవుకు దూరమైతే ఆ లాక్ జారుతోందని అర్థం. 59 గీతలు గీయడానికి అరగంట పడుతుంది, కానీ ఇంతకంటే నమ్మకమైన పరీక్ష ఇంట్లో చేయలేం.

తీగ గ్రేడు గురించి కూడా అడుగుతారని రాస్తున్నాను. స్టెయిన్‌లెస్ స్టీలు రకాల్లో తుప్పును ఎక్కువ తట్టుకునే 316 అనే అందరూ చెబుతారు. అయస్కాంతం పెట్టి చూపిస్తే నమ్మకండి. దానికంటే తక్కువ రకమైన 304 కూడా మామూలుగా అయస్కాంతానికి అంటదు, తీగగా సాగదీసినప్పుడు కొంచెం అంటవచ్చు, కాబట్టి ఆ పరీక్ష ఇనుప తీగను పట్టిస్తుందే గానీ 304నూ 316నూ విడదీయదు. 316లో మాలిబ్డినం ఉంటుంది, దాన్ని పట్టే చుక్కల మందు పారిశ్రామిక సరుకుల దుకాణాల్లో దొరుకుతుంది, పూత ఒలిచిన ముక్క మీద వేసి చూపించమనండి. సముద్రపు గాలి లేని తిరుపతికి 316 ఎందుకని కొందరు వాదిస్తారు. మన దగ్గర ఉప్పుగాలి చేసే పనిని టైల్స్ కడిగే యాసిడ్ చేస్తుంది. ఆ యాసిడ్‌లో ఉండే క్లోరైడు స్టెయిన్‌లెస్ స్టీలుకు సూదిపోట్లలాంటి గుంటలు పొడుస్తుంది, 316 కూడా దానికి పూర్తిగా తట్టుకోదు. గ్రిల్లు వేసిన తరువాత బాల్కనీలో యాసిడ్ వాడనివ్వకండి. పూత ముగిసే చోట గోధుమరంగు మరక కనిపిస్తే, పూతలోకి నీరు చేరి లోపల తుప్పు మొదలైందన్నమాట. ఆ తీగను తుడిచి వదిలేయకుండా మార్పించాలి.

తీగలు బిగించే వరుస కూడా చూసుకోండి. ఒక పక్కనుంచి మొదలుపెట్టి వరసగా బిగించుకుంటూ పోతే, చివరి తీగలు బిగిసేసరికి అడ్డపైపు కొద్దిగా వంగి, మొదటివి వదులవుతాయి. నడుమనుంచి రెండు పక్కలకూ మార్చి మార్చి బిగిస్తూ, అన్నిటినీ ముందు సగం బిగువుకు తెచ్చి, రెండో చుట్టులో పూర్తి బిగువుకు తేవాలి. స్తంభానికీ మొదటి తీగకూ మధ్య సందు కూడా 2 అంగుళాలు మించకూడదు. చాలాచోట్ల లోపల సందులన్నీ సరిగా ఉండి, ఈ కొస సందులు 3, 4 అంగుళాలుగా మిగిలిపోతాయి.

అడ్డపట్టీని తీగలకు పట్టించే ముందు బిగువును మీరే కొలవవచ్చు, దానికి ప్రయాణాల్లో సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసు ఒకటి చాలు. త్రాసు కొక్కేన్ని తీగ నడిమధ్యకు తగిలించి, త్రాసు 1 కిలో చూపేవరకు మీవైపు లాగి, తీగ ఎంత జరిగిందో స్కేలుతో చూడండి. లాగిన బరువును తీగ పొడవుతో గుణించి, జరిగిన దూరానికి నాలుగు రెట్లతో భాగిస్తే బిగువు వస్తుంది. మీ తీగ పొడవు సుమారు 1,680 మిల్లీమీటర్లు; 17 మిల్లీమీటర్లు జరిగితే బిగువు దాదాపు 25 కిలోలు, 34 జరిగితే 12 కిలోలే. ఒక కిలోకు మించి లాగకండి, ఎక్కువ లాగితే తీగే సాగి బిగువు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. పది తీగలను అక్కడక్కడా చూస్తే చాలు, అయితే నడుమ ఉన్నవీ కొసలవీ రెండూ అందులో ఉండాలి. పట్టీ వేశాక, 4 అంగుళాల పీవీసీ పైపు ముక్క తీసుకుని పట్టీకి పైనా కిందా సందుల్లో పెట్టి ఒక చేత్తో గట్టిగా నెట్టి చూడండి. వ్యాపారంలో 4 అంగుళాలనే ఆ పైపు బయటి కొలత 110 మిల్లీమీటర్లు, మన బంతి కొలతకు కొంచెం పెద్దదే, కాబట్టి అది దూరిందంటే పని ఒప్పుకోవద్దు.

కొత్త తాడు మొదటి వారాల్లో పేటలు సర్దుకుని కొంత సాగడం సహజం. అందుకని నెల తరువాత మళ్లీ వచ్చి ఒక చుట్టు బిగించి వెళ్లాలని ముందే మాట తీసుకోండి, డబ్బులో కొంత భాగం ఆ రోజుదాకా ఆపండి. ఆ రోజు కొక్కెం త్రాసుతో మళ్లీ కొలిచి, నెయిల్ పాలిష్ గీతలు చూసి, గ్రానైట్ అంచున ఎక్కడా కొత్త గీత పడలేదని నిర్ధారించుకున్నాకే మిగతాది ఇవ్వండి. ఒకవేళ పొగో మంటో వచ్చి బాల్కనీలోంచి బయటికి పోవాల్సి వస్తే ఈ తీగలే అడ్డమవుతాయి గనుక, స్టీలు తాడు కోసే కట్టరు ఒకటి కొని, బాల్కనీ తలుపు పక్కన పిల్లకు అందని ఎత్తులో మేకుకు తగిలించి ఉంచండి, ఇంట్లో పెద్దవాళ్లందరూ మిగిలిన తీగ ముక్క మీద ఒకసారి కోసి చూడాలి.